"మోడ్రన్‌గా ఉండాలి" అన్న ఒక్క మాట వెనక ఏముందో కనుక్కున్న మూడు వారాలు

నేను గుంటూరులో ఉంటా, చిన్న షాపులకి, స్కూళ్లకి వెబ్‌సైట్లు చేస్తుంటా, ఒక్కడినే, డిజైనూ నేనే కోడూ నేనే. పోయినేడు మంగళగిరిలో ఒక చేనేత చీరల షాపు పని వచ్చింది, ఓనర్ మా నాన్నకి బాగా తెలిసినాయన, చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తా. ఫోన్ చేసి "మన వెబ్‌సైట్ మరీ పాతబడిపోయింది రా, మోడ్రన్‌గా చేసిపెట్టు" అన్నాడు. సరే బాబాయ్, మోడ్రన్ అంటే ఎలా ఉండాలి అనడిగితే "అదే, ఇప్పుడు అందరివీ ఉంటున్నాయి కదా అలా" అన్నాడు. రంగులు మార్చాలా, ఫోటోలు మార్చాలా, ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టేలా పెట్టాలా అని ఒక్కోటీ అడిగా. అన్నిటికీ ఒకటే సమాధానం, "నీకు తెలుసు కదరా, నువ్వు చెయ్, నేను చూసి చెప్తా".

ఆ "చూసి చెప్తా" అనేదాంట్లోనే అసలు విషయం ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

పాత సైట్ ఓపెన్ చేసి చూశా. పైన ఎర్ర అక్షరాలు పక్కకి జరుగుతూ పోతుంటాయి, కింద ఎంతమంది వచ్చారో లెక్క చూపించే డబ్బా, మధ్యలో ఐదు ఫోటోలు వాటంతటవే మారుతుంటాయి. ఇది చూసి బాబాయ్ ఏమంటున్నాడో అర్థమైపోయిందనుకున్నా. నాలుగు రోజులు కూర్చుని హోమ్ పేజీ డిజైన్ చేశా, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, స్క్రీన్ అంతా ఒకటే పెద్ద చీర ఫోటో, సన్నటి అక్షరాలు, మెనూ అంతా మూలన మూడు గీతల కింద దాచేశా. ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి చూపించా. ఆయన కాసేపు చూసి, మొహమాటపడుతూ, "బాగుంది రా... మోడ్రన్‌గానే ఉంది. కానీ కొట్టు ఖాళీ చేసి వెళ్లిపోయినట్టుంది" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట గురించే ఆలోచించా. మోడ్రన్‌గానే ఉందంటున్నాడు, అయినా నచ్చలేదు, అంటే ఆయన అడిగింది మోడ్రన్ కాదు, ఇంకేదో అడగబోయి దానికి దొరికిన మాట మోడ్రన్. పోనీ ఖాళీ అంటే ఏంటి, తెలుపు ఎక్కువైందా, ఫోటో ఒక్కటే ఉందనా, మెనూ కనపడట్లేదనా? నా డిజైన్‌లో పాతదానికీ కొత్తదానికీ మధ్య ఒకేసారి పది మార్పులు ఉన్నాయి, ఆ పదిట్లో ఏది ఇబ్బంది పెట్టిందో ఆయన చెప్పలేడు, నేను కనిపెట్టలేను.

రెండ్రోజుల తర్వాత మళ్లీ షాపుకెళ్లి ఊరికే ఒక గంట కూర్చున్నా. ఒకావిడ వచ్చి "ఏదైనా కొత్త రకం చూపించండి" అంది. బాబాయ్ కొత్త రకం అంటే ఏంటమ్మా అని అడగలేదు. ఒకే ఆకుపచ్చ రంగులో రెండు చీరలు తీసి పక్కపక్కన పరిచాడు, ఒకటి సన్న నిజాం అంచుది, ఇంకోటి పెద్ద జరీ అంచుది. ఆవిడ చెయ్యి సన్న అంచు మీదకి పోయింది. పెద్ద అంచుది తీసేసి, అదే సన్న అంచులో ఒకటి ప్లెయిన్‌ది, ఇంకోటి గళ్లది వేశాడు. ఇలా పది నిమిషాల్లో ఆవిడ ముందు మూడు చీరలే మిగిలాయి, ఆవిడ తనకి ఏం కావాలో ఒక్క మాటలో కూడా చెప్పలేదు. బాబాయ్‌ని నేను మాటలతో అడుగుతున్నా, ఆయనేమో జీవితమంతా రెండు పక్కపక్కన పెట్టి తేల్చుకున్న మనిషి. చూసి చెప్తా అన్నది అందుకే.

సరే, జతలు తయారుచేద్దాం అనుకున్నా. కానీ మొదటిసారి చేసిన పద్ధతి తప్పింది, ఎందుకో వివరంగా చెప్తా, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వేరే వేరే చీరల సైట్ల నుంచి స్క్రీన్‌షాట్లు తీసి ఎనిమిది జతలు చేసి ల్యాప్‌టాప్‌లో చూపించా. ఆయన చకచకా చెప్పేస్తున్నాడు, ఇది బాగుంది, ఇది బాగుంది అని, నేను సంతోషంగా రాసుకుంటున్నా. నాలుగో జత దగ్గర ఎందుకు బాగుంది బాబాయ్ అనడిగితే "ఆ వంకాయ రంగు చీర చూడు, నేత ఎంత నీటుగా ఉందో" అన్నాడు. వెనక్కెళ్లి మళ్లీ అడిగితే ఒక జతలో పేరున్న షాపు కాబట్టి ఎంచుకున్నాడు, రెండిట్లో చీర నచ్చి ఎంచుకున్నాడు. అంటే ఆయన సైట్లని కాదు, సరుకుని చూస్తున్నాడు, ముప్పై ఏళ్లు చీరలు అమ్మినాయన కళ్లు అటే పోతాయి మరి. ఆ ఎనిమిది జవాబులూ పక్కన పడేశా.

రెండోసారి అన్నీ మార్చా. బాబాయ్ షాపులోవే ఆరు చీరలు, అవే ఫోటోలు, అదే షాపు పేరు, అవే అక్షరాలు, రెండు పేజీల మధ్య ఒకే ఒక్క తేడా. బొమ్మలుగా కాకుండా నిజంగా వేలితో జరపగలిగే పేజీలుగా చేసి ఆయన ఫోన్‌లోనే తెరిచిచ్చా, ఎందుకంటే కొనేవాళ్లు చూసేది కూడా అలాంటి ఫోన్‌లోనే. అందంగా చెయ్యలేదు, గీతలూ డబ్బాలూ ఫోటోలూ అంతే, ఒక్కో జతకి అరగంట కూడా పట్టలేదు. ప్రశ్న కూడా మార్చా. ఏది బాగుంది అని అడిగితే నన్ను నొప్పించకుండా ఏదో ఒకటి చెప్తాడు. అందుకని "నీ దగ్గర సరుకు తీసుకెళ్లే తెనాలి షాపాయన ఉన్నాడు కదా, ఆయనకి ఈ రెండూ పంపిస్తే ఏది చూసి నీకు ఫోన్ చేస్తాడు?" అని అడిగా. అప్పుడు మాట తీరే మారిపోయింది, తనకి తెలిసిన మనిషి గురించి మాట్లాడుతున్నాడు కాబట్టి కారణాలు కూడా వాటంతటవే వస్తున్నాయి.

మొదటి జత, ఒక దాంట్లో వరసకి ఒక పెద్ద చీర, రెండో దాంట్లో వరసకి రెండు. వెంటనే రెండోది చూపించి "ఒక్క చీర పరిచి ఎవరైనా కూర్చుంటారా, పక్కన ఇంకోటి ఉంటేనే కదా దీని విలువ తెలిసేది" అన్నాడు. రెండో జతలో చీరల అమరిక ఒకటే, బ్యాక్‌గ్రౌండ్ మాత్రం ఒకటి తెలుపు, ఇంకోటి పసుపు కలిసిన గంధం రంగు. ఆయన గంధం రంగే తీసుకుంటాడని నేను పందెం కాసేవాణ్ణి, కానీ తెలుపు తీసుకున్నాడు, "చీర రంగు చీర రంగులా కనపడాలి, వెనక పసుపుంటే తెల్ల చీర కూడా పాతదానిలా ఉంది" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, మొదటి డిజైన్‌లో ఖాళీ అన్నది తెలుపు గురించి కాదు, చీరల సంఖ్య గురించి. ఈ రెండు జతలూ విడివిడిగా పెట్టకపోతే నేను బ్యాక్‌గ్రౌండ్‌కి రంగులేసి, డిజైన్‌లు గీసి ఇంకో వారం వేస్ట్ చేసేవాణ్ణి.

మూడో జతే అన్నిటికంటే ముఖ్యమైంది. ఒక దాంట్లో ప్రతి చీర కింద ధర, రెండో దాంట్లో "ధర కోసం వాట్సాప్ చేయండి". ఇక్కడ బాబాయ్ ఆగిపోయాడు. అప్పటిదాకా రెండు సెకన్లలో చెప్పినాయన ఫోన్ పట్టుకుని అలాగే చూస్తున్నాడు. ఇలా ఆగినప్పుడు తొందరపెట్టకూడదు, ఏదో చెప్పని విషయం ఉందని అర్థం. కాసేపాగి "ఇది ఎవరు చూస్తార్రా?" అన్నాడు. అప్పుడు బయటికొచ్చింది, హోల్‌సేల్ ధర వేరు, రిటైల్ ధర వేరు, తెనాలి ఆయన కొనే ధర ఆయన షాపుకొచ్చే కస్టమర్‌కి తెలిస్తే ఆ తెనాలి ఆయన మళ్లీ బాబాయ్ దగ్గరికి రాడు. పక్కన బిల్లింగ్ దగ్గరున్న వాళ్ల కోడలు, నేను వదినా అంటా, వాట్సాప్ ఆర్డర్లన్నీ ఆవిడే చూస్తుంది, ఆవిడ అందుకుంది, "మామయ్యా, రోజూ ఫోన్ నిండా ధరెంత ధరెంత అనే మెసేజిలే, చెప్పాక సగం మంది మళ్లీ మాట్లాడరు, రిటైల్ ధర పెట్టేస్తే నాకు సగం పని తగ్గుద్ది" అని. వాళ్లిద్దరూ అక్కడే మాట్లాడుకుని తేల్చారు, రిటైల్ ధర అందరికీ కనపడాలి, హోల్‌సేల్ వాళ్లకి నంబర్ పెట్టి లాగిన్ అయితేనే వాళ్ల ధర కనపడాలి. మొదటి రోజు ఫోన్‌లో మోడ్రన్‌గా చెయ్యి అన్నప్పుడు ఈ లాగిన్ మాట ఎక్కడుంది చెప్పండి, కానీ మొత్తం పనిలో పెద్ద ముక్క ఇదే.

ఇంకో చిన్న పద్ధతి కూడా పెట్టుకున్నా. చివర్లో, ముందు చూపించిన జతల్లో ఒక రెండు మూడిటిని ఎడమా కుడీ తారుమారు చేసి మళ్లీ చూపించా, మాటల్లో పెట్టి గమనించనీయకుండా. చీరల వరస విషయంలో మళ్లీ అదే చెప్పాడు. మెనూ పైన ఉండాలా కింద ఉండాలా అన్న జతలో మాత్రం మొదట పైనది అన్నాడు, రెండోసారి కిందది అన్నాడు. అంటే ఆయనకి అది పట్టింపు లేదు, బొటనవేలికి అందుతుందని నేనే కింద పెట్టేశా. క్లయింట్ గట్టిగా కోరుకునేదేదో, అడిగారు కాబట్టి చెప్పినదేదో ఇలా విడిపోతుంది.

ఇంక ఈ పనిలో ఇంకొకరు ఉన్నారని ఆలస్యంగా తెలిసింది. అసలు మోడ్రన్ అన్న మాట బాబాయ్‌ది కాదు, బెంగళూరులో జాబ్ చేసే వాళ్లబ్బాయిది. ఆయన్ని అన్నా అని పిలుస్తా, నేనే ఫోన్ చేశా. ఆయన మూడు లింకులు పంపాడు, మూడూ ఖరీదైన వాచీలు, కార్ల సైట్లు, నల్ల బ్యాక్‌గ్రౌండ్, వేలు జరిపితే బొమ్మలు తేలుతూ వస్తుంటాయి. కుదరదు అని వాదించలేదు. బాబాయ్‌కి చేసినట్టే ఆయనకీ ఒక జత చేశా, వాళ్ల చీరలే, ఒకటి నల్ల పేజీలో, ఒకటి తెల్ల పేజీలో, వీడియో కాల్‌లో ముగ్గురం ఉండి ఎవరి ఫోన్‌లో వాళ్లం మొబైల్ డేటా మీద తెరిచాం. నీలిరంగు చీర, ముదురు మెరూన్ చీర నల్ల పేజీలో అంచు ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిసిపోయాయి, అన్నే "నలుపొద్దులే" అన్నాడు.

కానీ నేను అక్కడితో వదల్లేదు. ఆ వాచీల సైట్‌లో నీకు నచ్చిందేంటన్నా అని అడిగా. "నమ్మకంగా అనిపిస్తుంది" అన్నాడు. మన సైట్ ఎప్పుడు నమ్మకంగా అనిపించలేదు, చివరిసారి ఏం జరిగింది అని అడిగా. ఆఫీసులో ఒకావిడకి చీరల లింక్ పంపితే ఆవిడ ఫోన్‌లో పైన Not secure అని వచ్చిందంట, ఇది ఫేక్ సైటా అని అందరి ముందూ అడిగిందంట. అన్నకి సిగ్గేసింది, ఇంటికి ఫోన్ చేసి నాన్నా సైట్ మోడ్రన్‌గా చేయించు అన్నాడు. సైట్ ఇంకా http మీదే నడుస్తోంది, 2018 జూలై నుంచి క్రోమ్ అలాంటి సైట్లన్నిటికీ ఆ మాట చూపిస్తోంది. దానికి కావల్సింది ఒక సర్టిఫికెట్, Let's Encrypt నుంచి ఫ్రీగానే వస్తుంది, ఆ రాత్రే పాత సైట్‌కి పెట్టేశా, గంట పని. నలుపు, కదిలే బొమ్మలు అని అడిగిన మనిషి నిజంగా కోరుకున్నది అడ్రస్ దగ్గర ఆ మాట లేకుండా పోవడం.

ఇదే ప్రశ్న తిరిగొచ్చి బాబాయ్‌ని కూడా అడిగా, అబ్బాయి సంగతి సరే, నీకు ఎప్పుడు పాతగా అనిపించింది, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని. తెనాలి ఆయన షాపులో కూర్చుని ఫోన్‌లో తెరిచి, రెండు వేళ్లతో సాగదీసి సాగదీసి చదవలేక "ఇంకా ఇదేనా మీది" అన్నాడంట. పాత పేజీలో ఈ లైన్ లేదు:

```html
<meta name="viewport" content="width=device-width, initial-scale=1">
```

ఇది లేకపోతే ఫోన్ ఆ పేజీని కంప్యూటర్ పేజీ అనుకుని వెడల్పంతా కుదించి చూపిస్తుంది, అక్షరాలు చీమల్లా ఉంటాయి. అయితే ఈ లైన్ ఒక్కటి పెట్టినా సరిపోదు, పాత పేజీ మొత్తం వెయ్యి పిక్సెళ్ల టేబుల్‌లో కట్టారు, అది పెడితే పక్కకి జరపాల్సి వస్తుంది, కాబట్టి పేజీ మొదట్నుంచీ కట్టాల్సిందే. కానీ ఎందుకు కడుతున్నామో ఇప్పుడు ముగ్గురికీ తెలుసు.

జతలన్నీ అయ్యాక ఇంకొక్కటి అడిగా, పాత సైట్‌లో ఏది తీసేస్తే నీకు బాధనిపిస్తుంది బాబాయ్ అని. జరిగే అక్షరాలు, లెక్క డబ్బా పోయినా ఫర్లేదన్నాడు. కానీ వాళ్ల నాన్న గుంట మగ్గం మీద కూర్చున్న ఫోటో ఒకటి నాలుగో పేజీలో ఎక్కడో ఉంది, చిన్నది, మసకగా, అది ఉండాలన్నాడు. నా మొదటి డిజైన్‌లో అది లేదు, నేను చూడను కూడా చూడలేదు. అసలు ఫోటో ఇంట్లో ఫ్రేమ్ కట్టి ఉందంటే తెప్పించి స్కాన్ చేశా.

తర్వాత అన్నీ ఒక వాట్సాప్ మెసేజ్‌లో తెలుగులో రాసి ముగ్గురికీ పంపా, అందులో మోడ్రన్ అన్న మాట ఎక్కడా వాడలేదు. ఫోన్‌లో సాగదీయకుండా చదవగలగాలి. షాపులో బాబాయ్ ఫోన్ డేటా మీద మొదటి నాలుగు చీరలు మూడు సెకన్లలో కనపడాలి. వరసకి రెండు చీరలు, బ్యాక్‌గ్రౌండ్ తెలుపు. ప్రతి చీరకీ అంచు దగ్గర నుంచి తీసిన ఒక ఫోటో, కిటికీ వెలుగులో. రిటైల్ ధర చీర కిందే, హోల్‌సేల్ ధర లాగిన్ అయ్యాకే. తాతగారి ఫోటో హోమ్ పేజీలో. కిందనే వద్దన్నవి కూడా రాశా, నల్ల పేజీ వద్దు, వాటంతటవే మారే ఫోటోలు వద్దు, ఇప్పుడప్పుడే ఆన్‌లైన్ పేమెంట్ వద్దు. ప్రతి లైనూ ఫోన్ తీసి చూసి అయిందో లేదో చెప్పగలిగేదే ఉండాలని పట్టుబట్టి రాశా. వదిన బాబాయ్‌కి చదివి వినిపించింది, మూడు సెకన్లు అన్నదాని దగ్గర "నిజంగా వస్తుందా" అని అడిగాడంట, మిగతావాటికి సరే అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. డబ్బు సంగతి అప్పుడే మాట్లాడుకున్నాం, లాగిన్‌కి వేరేగా లెక్క చెప్పా, వాళ్లు ఒప్పుకున్నారు, ఎందుకంటే అది ఎందుకో వాళ్లే తేల్చుకున్నారు కాబట్టి.

నెల రోజుల్లో సైట్ అయింది. చూపించినప్పుడు బాబాయ్ అన్న మొదటి మాట "కొట్టులా ఉంది రా", నాకు అంతకంటే అక్కర్లేదు.

కానీ ఈ జతల పద్ధతిలో దొరకనిది ఒకటి, సైట్ నడవడం మొదలైన రెండో వారంలో బయటపడింది. చేనేతలో చాలా చీరలు ఒక్కోటే ఉంటాయి, అదే రంగు అదే అంచు మళ్లీ నేయించాలంటే మగ్గం ఎక్కి దిగేదాకా ఆగాలి. షాపులో పొద్దున అమ్ముడైపోయిన చీర సైట్‌లో సాయంత్రం దాకా ఉంది, హైదరాబాద్ నుంచి ఒకావిడ అదే చీర కావాలని డబ్బు కూడా పంపేసింది. వదిన ఆవిడకి ఫోన్ చేసి క్షమించమని అడిగి డబ్బు వెనక్కి పంపాల్సొచ్చింది. నేను చూపించిన ప్రతి జతా పేజీ ఎలా కనపడాలన్నదాని గురించే, చీర ఉన్నట్టుండి లేకుండాపోతే ఏంటన్నది రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే కనపడదు, రోజులో జరిగేది అది. ఆ పొరపాటు నాదే, ఆ రోజు షాపులో ఒక గంట బదులు పొద్దుణ్ణుంచి కొట్టు కట్టేసేదాకా కూర్చుని ఉంటే నాకే తెలిసేది.

దానికి డబ్బులు తీసుకోలేదు. వదిన ఫోన్‌లో ప్రతి చీర పక్కన ఒక బటన్ పెట్టా, నొక్కితే "అమ్ముడైంది" అని పడుతుంది. అదెక్కడ ఉండాలన్నది మాత్రం మళ్లీ జత చేసే చూపించా, చీర ఫోటో మీదా, లేకపోతే వేరే లిస్టులోనా అని. వదిన లిస్టు అంది, బిల్లు రాసే నంబర్ వరసలోనే ఉంటే బిల్లు చింపేటప్పుడే నొక్కేస్తానని. ఇప్పుడు కొత్త పని ఏదొచ్చినా జతలు చేసేముందు ఒకటి అడుగుతున్నా, మీ దగ్గర ఒక వస్తువు లోపలికొచ్చిన దగ్గర్నుంచి బయటికెళ్లేదాకా ఏమేం జరుగుతుందో చెప్పండి అని.